ఇనుప గుండుకి బరువు ఎక్కడి నుంచి వచ్చింది

షాట్ చాలా చిన్నది. పిల్లల కోసం చేస్తున్న ఒక యానిమేషన్ ఎపిసోడ్‌లో బామ్మ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టింది. షాట్‌పుట్ నేర్చుకుంటున్న మనవడు తన ఇనుప గుండుని పిట్టగోడ మీద పెట్టి కిందికి వెళ్ళాడు. అది మెల్లగా దొర్లుకుంటూ వచ్చి, అంచు దాటి, వడియాల పక్కనే పడుతుంది. షాట్‌లో మనుషులెవరూ లేరు, డైలాగు లేదు, మొత్తం ఆరు సెకన్లు. పొద్దున ఇస్తే మధ్యాహ్నం భోజనాలకి అయిపోతుందనుకుని మా జూనియర్‌కి అప్పజెప్పాను. పదకొండో వెర్షన్‌కి గానీ ఓకే కాలేదు.

తప్పు అతనిది ఒక్కడిదే కాదు. గుండు బరువు ఎక్కడ కనిపించాలో నేను ముందే కూర్చోబెట్టి చెప్పి ఉంటే అందులో సగం వెర్షన్లు తప్పేవి. అతను పడే భాగం మీదే రోజంతా కుస్తీ పట్టాడు. ఆ గుండు బరువేమో నేలని తాకిన తర్వాత కనిపించాల్సింది.

మొదటి వెర్షన్‌లో గుండు పిట్టగోడ అంచు నుంచి నేలకి చేరడానికి 20 ఫ్రేములు తీసుకుంది. డైరెక్టర్ ఒకసారి చూసి, "ఏంటి గురూ, బెలూన్ దింపినట్టు దింపారు?" అన్నారు. ఎందుకలా పెట్టావని అడిగితే మావాడు, "బరువైనది కదన్నా, మెల్లగా కదలాలి కదా" అన్నాడు. ఏనుగు మెల్లగా నడుస్తుంది, బియ్యం బస్తా మోసేవాడు మెల్లగా నడుస్తాడు, కాబట్టి బరువుకీ నెమ్మదికీ ముడి ఉందని మనందరికీ ఒక లెక్క ఉంటుంది. కానీ మోసేటప్పుడు పనికొచ్చే లెక్క పడేటప్పుడు పనికిరాదు. గాలి అడ్డు పెద్దగా లేనప్పుడు రబ్బరు బంతైనా ఇనుప గుండైనా ఒకే ఎత్తు నుంచి ఒకే సమయంలో నేలకి చేరతాయి.

ఆ సమయం ఎంతో తేల్చడానికి సెకనుకి 24 ఫ్రేముల లెక్కలో ఒక చిన్న సూత్రం చాలు. పడడం మొదలైన n ఫ్రేముల తర్వాత వస్తువు దిగిన దూరం, సెంటీమీటర్లలో:

```
d = 0.85 × n × n
```

మన పిట్టగోడ 4 అడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. 12 ఫ్రేములు వేస్తే 0.85 × 144, సరిగ్గా అక్కడికే వస్తుంది. సరిగ్గా అర సెకను. అదే ఎత్తుకి 20 ఫ్రేములు ఇస్తే భూమి ఆకర్షణలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే వాడినట్టు. అంటే మా బామ్మగారి డాబా దాదాపు అంగారక గ్రహం మీద ఉన్నట్టు. బెలూన్ అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

రెండో వెర్షన్‌లో మావాడు అటు చివరికి వెళ్ళిపోయాడు. 20 ఎక్కువైంది కాబట్టి 8. ఇప్పుడు గుండు తనంతట తాను పడినట్టు లేదు, ఎవరో పిట్టగోడ ఎక్కి కసిగా నేలకేసి కొట్టినట్టుంది. చూసేవాళ్ళకి ఫ్రేముల లెక్క తెలియదు, కానీ చేతిలోంచి గ్లాసు జారితే ఎంతసేపట్లో పగులుతుందో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. పన్నెండుకి బదులు పదమూడు పెట్టినా ఊరుకుంటారు. ఎనిమిది పెడితే ఎక్కడో ఏదో తేడాగా ఉందని పట్టేస్తారు.

మూడో వెర్షన్‌కి టైమింగ్ 12కి వచ్చింది. అయినా గుండు తేలిపోతూనే ఉంది. టైమింగ్ వేరు, స్పేసింగ్ వేరు అని నేను అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఒకటో ఫ్రేము నుంచి పన్నెండో ఫ్రేము లోపల నేలని చేరడం టైమింగ్. ఆ పన్నెండింటిలో ఏ ఫ్రేముకి ఎంత దూరం జరగాలన్నది స్పేసింగ్. ఏ ఫ్రేములో గుండు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తు కీ, రెండు కీల మధ్య గ్రాఫ్ గీత ఎలా వంగాలో దిద్దే పిడి హ్యాండిల్. మావాడు పైన ఒక కీ, కింద ఒక కీ పెట్టి, రెండింటి దగ్గరా హ్యాండిల్స్ బల్లపరుపుగా వదిలేశాడు. దాంతో గుండు పైన మెల్లగా బయల్దేరి, మధ్యలో వేగం అందుకుని, నేల దగ్గరికి రాగానే మళ్ళీ నెమ్మదించి, తలగడ మీద వాలినట్టు వాలింది.

లెక్క చూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. నిజంగా పడేటప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య దూరాలు బేసి సంఖ్యల వరసలో పెరుగుతాయి: 1, 3, 5, 7 అలా. గెలీలియో కనిపెట్టిన వరస ఇది. మన లెక్కలో మొదటి ఫ్రేములో గుండు ఒక సెంటీమీటరు కూడా దిగదు, పన్నెండో ఫ్రేములో 23 భాగాలు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు దిగుతుంది. మావాడి కర్వ్‌లో ఆ చివరి ఫ్రేములో దిగింది సుమారు రెండున్నర సెంటీమీటర్లు. నేలని ఢీకొట్టాల్సిన క్షణంలో వేగం ఎనిమిదో వంతుకి పడిపోయింది. ఆ తర్వాత ఎంత ఎగిరినా, ఎంత దుమ్ము లేపినా లాభం లేదు. దెబ్బే తగల్లేదు కదా.

దీన్ని పట్టుకోవడం తేలిక. మేం వాడింది బ్లెండర్. అందులో `Motion Paths` ఆన్ చేస్తే గుండు నడిచిన దారి మీద ఫ్రేముకొక చుక్క పడుతుంది. పైన చుక్కలు ఒత్తుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ ఎడం పెరుగుతూ పోవాలి. నేల దగ్గర మళ్ళీ చుక్కలు గుంపు కట్టాయంటే తలగడ ఉన్నట్టే. గ్రాఫ్ చూసి చెప్పడం కంటే చుక్కలు చూసి చెప్పడం నాకు ఎప్పుడూ నమ్మకం.

సరిచేయడానికి పై కీ హ్యాండిల్‌ని బల్లపరుపుగానే ఉంచి, పొడవు 4 ఫ్రేములకి లాగాం. కింది కీకి ఎడమ హ్యాండిల్‌ని 4 ఫ్రేములు వెనక్కి, నేల నుంచి 82 సెంటీమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళాం. పడే సమయంలో మూడో వంతు వెనక్కి, ఎత్తులో మూడింట రెండు వంతులు పైకి అన్నమాట. ఈ కొలతలతో బెజియర్ కర్వ్ అచ్చంగా పారాబోలా అవుతుంది, ఏ ఎత్తుకైనా ఇదే నిష్పత్తి. కింది కీ దగ్గర రెండు హ్యాండిల్సూ విడివిడిగా కదలాలి, అందుకని `V` నొక్కి `Free` పెట్టాలి. ఈ హ్యాండిల్స్ గొడవంతా ఎందుకు అనుకునేవాళ్ళు పై కీ మీద `T` నొక్కి `Quadratic` ఎంచుకోవచ్చు, ఫలితం ఒకటే.

ఇక్కడే ఇంకో తిరకాసు వచ్చింది. నాలుగో వెర్షన్ రివ్యూలో డైరెక్టర్ "కింద ఈజ్ ఇన్ వద్దు, తీసెయ్యండి" అన్నారు. ఆయన కాగితం మీద బొమ్మలు గీసే రోజుల నుంచి వచ్చిన మనిషి. ఆయన భాషలో ఈజ్ ఇన్ అంటే ఒక పోజు దగ్గరికి వచ్చేటప్పుడు నెమ్మదించడం. బ్లెండర్‌లో `Ease In` అంటే అందుకు పూర్తిగా ఉల్టా: మొదట్లో మెల్లగా బయల్దేరి, పోనుపోను వేగం అందుకోవడం. అంటే పడే గుండుకి కావాల్సింది అదే. మావాడు శ్రద్ధగా వెళ్ళి `Ease In` ఉన్నచోట `Ease Out` పెట్టాడు. గుండు అంచు దాటగానే పిడుగులా దూకి, నేల దగ్గర గాలిలో వేలాడింది. ఆ రోజు నుంచి మా టీంలో ఈజ్ ఇన్, ఈజ్ ఔట్ అనే మాటలు మానేశాం. "పైన మెల్లగా, కింద విసురుగా" అని తెలుగులో చెప్పుకుంటే ఎవరికీ తికమక లేదు.

ఐదో వెర్షన్‌లో పడటం నిర్దుష్టంగా వచ్చింది. రంగులు, టెక్స్చర్ తీసేసి బూడిదరంగు బంతిగా పక్క గదిలో ఉన్న ఎడిటర్‌కి చూపించాను. "బాస్కెట్‌బాలా?" అన్నాడు. టెక్స్చర్‌తో చూసి ఉంటే ఇనుము అనే అనేవాడు, అందుకే బరువు పరీక్ష ఎప్పుడూ బూడిదరంగులోనే చేయాలి. శబ్దం కూడా కట్టేయాలి. మంచి "ధన్" మని సౌండ్ వేస్తే ఎంత చెత్త స్పేసింగైనా సగం కప్పబడిపోతుంది.

బాస్కెట్‌బాల్ అనడానికి కారణం దెబ్బ తర్వాతి ఎగురు. మావాడు ట్యుటోరియల్‌లో నేర్చుకున్న అలవాటు కొద్దీ వేగంలో 80 శాతం తిరిగి ఇచ్చాడు. ఎత్తు వేగానికి వర్గంలో ఉంటుంది కాబట్టి 4 అడుగుల నుంచి పడ్డది రెండున్నర అడుగులు ఎగిరింది, ఆ ఒక్క ఎగురుకే 19 ఫ్రేములు పట్టాయి. పడటానికి 12, ఎగిరి దిగడానికి 19. ఆ 19 ఫ్రేములే కొంప ముంచాయి. వస్తువు గాలిలో ఎంతసేపు ఉంటే అంత తేలిక.

మేం 30 శాతానికి దిగాం. ఎగురు ఎత్తు 10 సెంటీమీటర్ల చిల్లర, పట్టే సమయం 7.2 ఫ్రేములు. ఆ చిల్లర తీసేసి 7 చేశాం. ఎందుకంటే నేలని తాకే క్షణం రెండు ఫ్రేముల మధ్య పడితే తెర మీద ఏ ఫ్రేములోనూ గుండు నేలకి ఆనదు, గాలిలోంచే గాలిలోకి ఎగిరినట్టు ఉంటుంది. తాకే క్షణానికి ఒక నిండు ఫ్రేము ఉండి తీరాలి, దానికోసం ఫిజిక్స్‌ని కాస్త అటూ ఇటూ జరపొచ్చు. ఆ ఏడు ఫ్రేముల్లో గుండు అడుగు భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో వరసగా: 5.1, 8.5, 10.2, 10.2, 8.5, 5.1, మళ్ళీ సున్నా. దాని తర్వాత రెండో ఎగురు 2 ఫ్రేములే, ఎత్తు ఒక సెంటీమీటరు కూడా లేదు. అది కంటికి ఎగురులా కనిపించదు, చిన్న అదురులా తగులుతుంది. అది లేకుండా కూడా చేసి చూశాం, గుండు నేలకి అతుక్కున్నట్టయింది.

12, 7, 2. షాట్ గుట్టంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. రబ్బరు బంతికైతే 12, 19, 15, 12 అని నిదానంగా తగ్గుతుంది. గుండుకి మెట్టు విరిగినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. ఎగురుకి 8 ఫ్రేములు ఇచ్చి చూస్తే ఎత్తు మూడున్నర సెంటీమీటర్లే పెరిగింది గానీ గుండు లోపల బోలుగా ఉన్నట్టు అనిపించింది. ఒక్క ఫ్రేముకి అంత తేడా వస్తుందని ఈ షాట్ చేయకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇనుము ఎగరదు అనేది ఫిజిక్స్ నియమం కాదు. గట్టి ఉక్కు బేరింగ్ గోలీని మందపాటి ఉక్కు దిమ్మె మీద వేస్తే రబ్బరు బంతిని మించి ఎగురుతుంది. 7 కిలోల గుండు సిమెంటు డాబా మీద పడితే ఎగరకపోవడానికి కారణం డాబానే: సిమెంటు కొంచెం నలుగుతుంది, పెచ్చు లేస్తుంది, శ్లాబు అదురుతుంది, శక్తి అటు పోతుంది. అంటే గుండు బరువు చూపించాలంటే ఆ పోయిన శక్తి ఎక్కడికి పోయిందో కూడా చూపించాలి. మా అదృష్టం, పక్కనే వడియాలు ఉన్నాయి.

గుండుకి నలగడం, సాగడం లాంటివి ఏమీ పెట్టలేదు. ఒక్క శాతం నలిగినా అది ఇనుము కాదు. దానికి బదులు దెబ్బ తగిలిన తర్వాతి ఫ్రేములో చీర మీది వడియాలు ఎగిరిపడతాయి. దగ్గరవి మూడు సెంటీమీటర్లు, దూరంగా ఉన్నవి కాస్త కదిలీ కదలనట్టు. అన్నీ ఒకే ఫ్రేములో లేస్తే ఎవరో చీర దులిపినట్టుంది, అందుకని దూరం వాటికి ఒక ఫ్రేము ఆలస్యం ఇచ్చాం. నిజానికి అదురు శ్లాబులో అంతకంటే చాలా వేగంగా పాకుతుంది, ఈ ఆలస్యం కంటి కోసం చేసిన అబద్ధం. డైరెక్టర్ కెమెరా కూడా ఊపమన్నారు. రెండు ఫ్రేములు ఊపి చూపించాను, ఆయనే తీసేయమన్నారు. నాకైతే కెమెరా ఊపుడు అంటే పోపు మాడితే ఇంగువ ఎక్కువ వేయడమే.

ఏడో వెర్షన్‌లో మావాడు దెబ్బని ఇంకా గట్టిగా చూపిద్దామని నేల మీద గుండుని రెండు ఫ్రేములు ఆపాడు. పేడముద్ద పడినట్టు వచ్చింది. తాకేది ఒక్క ఫ్రేమే, వెంటనే పైకి.

ఇంతవరకూ పైకీ కిందికీ లెక్క. పక్కకి వెళ్ళే లెక్కలో ఇంకో రెండు వెర్షన్లు పోయాయి. గుండు పిట్టగోడ మీంచి ఫ్రేముకి 4 సెంటీమీటర్ల చొప్పున దొర్లుతూ వచ్చి అంచు దాటుతుంది. గాలిలో ఉన్నంతసేపు పక్కకి తోసేది గానీ ఆపేది గానీ ఏదీ లేదు, కాబట్టి అదే 4 సెంటీమీటర్లు మారకుండా సాగాలి. గ్రాఫ్‌లో అది వంపు లేని వాలుగీత. మావాడు అన్ని చానెళ్ళనీ కలిపి ఎంచుకుని, ప్రతి కీ దగ్గరా పక్క కదలికని కూడా బల్లపరుపు చేసేశాడు. ఫలితంగా గుండు అంచు దగ్గర ఒకసారి తటపటాయించి, నేల దగ్గర నిట్టనిలువుగా దిగి, మళ్ళీ పక్కకి బయల్దేరింది. దారి గీసి చూస్తే పారాబోలా లేదు, చేతకాని వాడు గీసిన ళ అక్షరంలా మెలికలు తిరిగింది. టైమింగ్, ఎత్తుల స్పేసింగ్ రెండూ సరిగ్గా ఉండి ఆర్క్, అంటే గాలిలో వంపు తిరిగే దారి, చెడితే చూసేవాళ్ళు కారణం చెప్పలేరు, "ఏదో దారం కట్టి లాగినట్టుంది" అంటారు. మాకు వచ్చిన కామెంట్ అదే.

పక్క కదలికకి మధ్యలో కీలన్నీ చెరిపేసి, నేల తాకిన చోట మాత్రమే ఉంచాం. అంచు నుంచి దెబ్బ వరకు 12 ఫ్రేముల్లో 48 సెంటీమీటర్లు. దెబ్బలో కొంత వేగం పోతుంది కాబట్టి ఎగురులో ఫ్రేముకి 3 చొప్పున 21. ఆ తర్వాత దొర్లడం మొదలు, ఫ్రేముకి రెండున్నరతో. ప్రతి తాకిడి దగ్గరా వాలు ఒక్కసారిగా విరగాలి, వంపు తిరగకూడదు. 21 వెడల్పు, 10 ఎత్తు ఉన్న ఆ పొట్టి ఆర్క్‌ని మొదటి పెద్ద ఆర్క్ పక్కన పెట్టి చూస్తే, గుండుని నేల లాక్కున్నట్టే ఉంటుంది.

బరువు చూపించే రెండో చోటు దొర్లుడు. తేలికైన ప్లాస్టిక్ బంతిని గాలి కూడా ఆపేస్తుంది, గుండుని ఆపడం అంత తేలిక కాదు. 60 ఫ్రేములు, అంటే రెండున్నర సెకన్లు ఇచ్చాం. వేగం సమానంగా తగ్గుతూ 75 సెంటీమీటర్లు వెళ్ళి ఆగుతుంది. గుండు అడ్డకొలత 12 సెంటీమీటర్లు, చుట్టుకొలత 37.7. అంటే సరిగ్గా రెండు చుట్లు తిరగాలి. మొదట మావాడు కంటికి బాగుందని మూడు చుట్లు పెట్టాడు, గుండు నూనె పోసిన నేల మీద జారుతున్నట్టు వచ్చింది. చుట్టుకీ దూరానికీ లెక్క తప్పితే బరువంతా ఆవిరైపోతుంది. గుండు నునుపుగా ఉంటే తిరుగుడు కనిపించదని ఒక తుప్పు మచ్చ వేశాం. ఆ మచ్చ లేకపోతే ఈ తప్పు మాకు చివరిదాకా దొరికేదే కాదు.

దొర్లే దారి కూడా తిన్నగా లేదు. డాబాకి నీళ్ళు పోయేందుకు తూము వైపు వాటం ఉంటుంది కదా, గుండు నెమ్మదించేకొద్దీ అటు ఒరుగుతుంది. వేగంగా ఉన్నప్పుడు దాదాపు తిన్నగా, చివర్లో వంపు ఎక్కువ. తూము ముందు చిన్న గుంటలో దిగి, ఒకసారి ఎదురు గట్టు ఎక్కబోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ కొంచెం ముందుకి, అక్కడ ఆగుతుంది. ఆ ఊగుడు 14 ఫ్రేములు, తర్వాత 9. మావాడు తనంతట తాను చేసిన భాగం ఇది, నేను చేయి పెట్టలేదు. డైరెక్టర్ పదకొండో వెర్షన్‌లో మెచ్చుకున్నదీ ఇదే. దెబ్బ గురించి ఒక్క మాట అనలేదు, బాగా కుదిరిన దెబ్బ గురించి ఎవరూ ఏమీ అనరు.

ఇదే ఎపిసోడ్‌లో తర్వాత ఇంకో షాట్ ఉంది, కొండ మీంచి బండరాయి పడటం. మావాడు ఈసారి ముందే వచ్చి, "అన్నా, అదే 12, 7, 2 పెట్టేస్తా" అన్నాడు. రాయి గుండుకి నాలుగింతలు కాదు, నలభై ఇంతలు. పడే ఎత్తు కూడా బాగా పెరిగింది. ఎత్తు నాలుగింతలైతే సమయం రెండింతలు అవుతుంది, ఎత్తుకి వర్గమూలంలో సమయం నడుస్తుంది కాబట్టి. 4 అడుగులకి 12 ఫ్రేములైతే 16 అడుగులకి 24, 64 అడుగులకి 48. అంత పెద్దదానికి 12 పెడితే బండ కాదు, గులకరాయికి కెమెరా దగ్గర పెట్టినట్టు ఉంటుంది. అతను మొదటి రోజు అన్న "బరువైనది మెల్లగా కదలాలి" అనే మాటకి అసలు చోటు ఇక్కడ దొరికింది, కాకపోతే అది బరువు వల్ల కాదు, సైజు వల్ల. ప్రస్తుతం ఆ బండ 48 ఫ్రేముల మీద రెండో వెర్షన్‌లో ఉంది. దుమ్ము ఇంకా వేయలేదు.